మంత్రి గారూ, క్లినిక్ తెరిచే వేళ ఒక్కటి రాస్తే సరిపోదు

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఓ చిన్న క్లినిక్‌లో రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేస్తాను. ఓపీ చీటీ రాయడం, టోకెన్ ఇవ్వడం, ఎవరు ఏ గదికి వెళ్లాలో చెప్పడం నా పని. ఈ మధ్య ఓ శుక్రవారం సాయంత్రం మా చేతికి ఒక నోటీసు వచ్చింది. సోమవారం నుంచి క్లినిక్ వేళలు మారుతున్నాయని, డాక్టర్లు ముగ్గురూ ఇకపై వేర్వేరు వేళల్లో కూర్చుంటారని అందులో ఉంది. తలుపు అద్దానికి దాన్ని టేపు వేసి అంటించింది నేనే. సోమవారం ఆ తలుపు దగ్గర జరిగింది చూశాక మీకు ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ముందే ఒక మాట చెప్పాలి. డాక్టర్ల వేళలు విడగొట్టడం మంచి పని. ఇంతకు ముందు ముగ్గురూ 9 గంటలకే మొదలుపెట్టి 1 గంటకు లేచిపోయేవారు. దాంతో జనమంతా 9 లోపే వచ్చేవారు. ఒక్కో డాక్టర్ ఒక్కో రోగికి సుమారు 6 నిమిషాలు ఇస్తారనుకుంటే, ముగ్గురూ కలిసి గంటకు 30 మందిని చూడగలరు. కానీ డాక్టర్ గదిలోకి వెళ్లే ముందు బీపీ, బరువు, జ్వరం చూసే నర్సు మాకు ఒక్కరే. ఆమెకు మనిషికి 3 నిమిషాలు పడుతుంది, అంటే గంటకు 20 మందే. హాలు నిండా జనం ఉన్నా ఒక్కోసారి డాక్టర్ గది ఖాళీగా ఉండేది అందుకే. కొత్త పద్ధతిలో మొదటి డాక్టర్ 8 నుంచి 12, రెండో డాక్టర్ 10 నుంచి 2, మూడో డాక్టర్ 2 నుంచి 6 వరకు ఉంటారు. ఏ సమయంలోనైనా ఇద్దరికి మించి ఉండరు కాబట్టి నర్సు చేతి వేగానికి డాక్టర్ల వేగం సరిపోతుంది. ఈ లెక్క వేసినవారు బాగానే వేశారు.

వాళ్లు మరిచిపోయింది ల్యాబ్‌ని. నోటీసులో పెద్ద అక్షరాలతో "క్లినిక్ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు తెరిచి ఉంటుంది" అని ఉంది. కింద డాక్టర్ల వేళలు. ల్యాబ్ గురించి ఒక్క ముక్క లేదు. ల్యాబ్ టెక్నీషియన్ మాత్రం పాత వేళకే, 9 గంటలకే వస్తున్నారు.

సోమవారం ఉదయం పావు తక్కువ ఎనిమిదింటికే ఒక పెద్దావిడ వచ్చి కూర్చున్నారు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషి, నెలకోసారి వస్తారు. పరగడుపున రక్తం ఇవ్వాలి కాబట్టి రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఎనిమిదింటికి ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు. ఎనిమిదిన్నర దాటాక ఆవిడ చేతిలోని చీటీ వణకడం నా కంటపడింది. దగ్గరకెళ్లి చూస్తే నుదురంతా చెమట, మాట కొద్దిగా తడబడుతోంది. నర్సు పరుగున వచ్చి వేలి చివర గుచ్చి గ్లూకోమీటర్‌తో చూసింది. 58 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదపు గుర్తు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 84కి వచ్చింది. అప్పుడు అడిగితే, "ఎనిమిదింటికి తెరుస్తారని రాశారు కదమ్మా. వెళ్లగానే రక్తం ఇచ్చేసి వెంటనే తినేయొచ్చనుకున్నా. అందుకే మాత్ర ఇంట్లోనే వేసుకుని వచ్చా" అన్నారు. ఆవిడ వాడేది తిండికి ముందు వేసుకునే మాత్ర. రక్తం ఇచ్చేదాకా ఆ మాత్ర వేసుకోకూడదని మామూలుగా మేం నోటితో చెబుతాం. కాగితం మీద అదీ లేదు.

పంచదార తాగారు కాబట్టి ఆ రోజు పరగడుపు పరీక్ష కుదరలేదు. ఆవిడ మరో రోజు రావలసి వచ్చింది.

ఆ ఉదయమే వచ్చిన మిగతా షుగర్ రోగులకు జరిగింది ఇంత భయపెట్టేది కాదు గానీ, మొత్తం మీద చూస్తే ఇంకా పెద్ద నష్టం. షుగర్ పరీక్షకు రెండుసార్లు రక్తం తీస్తారు. మొదటిది కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండి ఇవ్వాలి. రెండోది తినడం మొదలుపెట్టిన 2 గంటలకు ఇవ్వాలి. పాత పద్ధతిలో 9కి మొదటి రక్తం, తొమ్మిదింపావుకి తిండి, పదకొండుంపావుకి రెండో రక్తం, గంట తర్వాత పన్నెండుంపావుకి రిపోర్టు. డాక్టర్ 1 దాకా ఉండేవారు కాబట్టి రిపోర్టు చూపించి, మందు మార్చాలంటే మార్పించుకుని ఇంటికెళ్లేవారు. కొత్త పద్ధతిలో షుగర్ రోగులను చూసే డాక్టర్ 8 నుంచి 12 వరకే ఉంటారు. ల్యాబ్ మారలేదు. రిపోర్టు మళ్లీ పన్నెండుంపావుకే వస్తుంది. డాక్టర్ పావుగంట ముందే వెళ్లిపోయి ఉంటారు.

మొదటి వారమంతా ఈ పావుగంట కోసమే నేను జనంతో మాటలు పడ్డాను. కొందరు రిపోర్టు జేబులో పెట్టుకుని రేపొస్తామని వెళ్లారు. పనికెళ్లే మనిషికి రెండో రోజు సెలవు దొరకదు. రిపోర్టు చూపించకుండానే పాత మందే ఇంకో నెల వాడుకుంటారు. అలా వెళ్లినవాళ్లలో ఎవరికి డోసు పెంచాలో, ఎవరికి తగ్గించాలో మాకెవరికీ తెలియదు.

దీన్ని సరిచేయడానికి మొదట చేసిన ప్రయత్నం కూడా తప్పే. టెక్నీషియన్ వచ్చేలోగా ఏడున్నరకే నర్సు రక్తం తీసి పెట్టేయాలన్నారు. రెండు రోజులు అలాగే చేశాం. రక్తంలోని కణాలు ట్యూబులో ఉన్నప్పుడు కూడా షుగర్‌ని వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. నిజంగా 130 ఉన్న మనిషికి, రెండు గంటలు ఆగాక పరీక్ష చేస్తే 115 దగ్గర చూపించవచ్చు. ఆ అంకె చూసి షుగర్ అదుపులో ఉందనుకుంటారు. దీనికోసమే ఫ్లోరైడ్ కలిపిన బూడిద రంగు మూత ట్యూబులుంటాయి. అవి మా దగ్గర చాలినన్ని లేవు. ఈ సంగతి పట్టుకుంది టెక్నీషియనే. వేళలు మార్చే ముందు ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

చివరికి ఆయన ఏడున్నరకు రావడానికి, ఆ మేరకు ముందుగా వెళ్లిపోవడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఏడున్నరకు మొదటి రక్తం, పావు తక్కువ ఎనిమిదికి తిండి, పావు తక్కువ పదికి రెండో రక్తం, పావు తక్కువ పదకొండుకి రిపోర్టు. డాక్టర్ లేవడానికి ఇంకా గంటకు పైగా టైముంటుంది. మొదటి రక్తం ఎనిమిదింపావు దాటాక తీస్తే మాత్రం రిపోర్టు పదకొండున్నరకు గానీ రాదు, ఇరుకైపోతుంది. అందుకని పరగడుపు రక్తం ఎనిమిదింపావు తర్వాత తీసుకోవడం లేదు. ఈ మాట నోటీసులో రాశాం.

నోటీసులో ఉండాల్సింది ఇంకొకటుంది. "12 వరకు" అంటే ఏమిటి? రోగి దృష్టిలో, పదకొండున్నరకు వచ్చినా చూపించుకోవచ్చని అర్థం. కానీ అప్పటికి బయట 10 మంది ఉంటే, మనిషికి 6 నిమిషాల లెక్కన డాక్టర్‌కి గంట పని మిగిలే ఉంది. ఆ డాక్టర్ టోకెన్లు 11కే ఆపేయాలి. ఆ తర్వాత వచ్చినవాళ్లను 2 దాకా ఉండే రెండో డాక్టర్‌కి పంపాలి. ఇది కాగితం మీద లేకపోతే, అద్దం మీది అంకెను వేలితో చూపిస్తూ నిలబడ్డ మనిషికి "అయిపోయిందండీ" అని చెప్పాల్సింది కౌంటర్‌లో ఉన్నవాళ్లే. ఎంత నెమ్మదిగా చెప్పినా అది అబద్ధంలాగే వినిపిస్తుంది. వాళ్ల కోపంలో తప్పేమీ లేదు.

సిబ్బందికి కూడా అదే కాగితం ఇచ్చారు. పది గంటలు తెరిచి ఉంచే క్లినిక్‌లో నర్సులు రెండు షిఫ్టులు కావాలి. మొదటివాళ్లు వెళ్లేముందు రెండోవాళ్లకు అన్నీ అప్పగించడానికి ఓ అరగంట ఇద్దరూ కలిసి ఉండాలి. రెండో డాక్టర్ మధ్యాహ్నం తిండి వేళలో కూర్చుంటారు కాబట్టి అప్పుడు బీపీ చూసే కుర్చీలో ఎవరుంటారో తేలాలి. ఫార్మసీ ఎప్పటిదాకా ఉంటుందో తెలియాలి. ఆరు గంటలకు డాక్టర్ రాసిన మందు ఆరుంపావుకి ఇచ్చే మనిషి ఉండాలి. ఇవన్నీ రోగికి అక్కర్లేదు, మాకు కావాలి. మాకు వేరే కాగితం ఇవ్వాల్సింది.

మంత్రి గారూ, మా క్లినిక్ ఒక్కదాని గురించి అయితే మీదాకా వచ్చేదాన్ని కాదు. వేళలు ఎక్కడ మారినా ఇలాంటి నోటీసే అంటిస్తారు. అందుకే మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు రావాలని కోరుతున్నాను. అన్నిటికంటే ముఖ్యం గడువు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు చాలామందికి మందులు 30 రోజులకు ఇస్తాం, మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసి పంపుతాం. శుక్రవారం అంటించి సోమవారం అమలు చేస్తే, అంతకు ముందు నెలలో నేను నా చేత్తో రాసిన "9 గంటలకు" అనే చీటీలన్నీ తప్పు చీటీలైపోతాయి. కనీసం 30 రోజుల ముందు నోటీసు పెడితే, నెలనెలా వచ్చే ప్రతి మనిషీ పాత వేళకు వచ్చినప్పుడే కొత్త వేళ తెలుసుకుని వెళ్తారు. కొత్త చీటీలో కొత్త వేళ రాసిస్తాం. మూడు రోజుల గడువుతో అది ఎలాగూ కుదరదు.

రెండోది, నోటీసులో ప్రతి డాక్టర్ పేరు పక్కనా కూర్చునే వేళతో పాటు ఆఖరి టోకెన్ వేళ ఉండాలి. పరగడుపు రక్తం ఎప్పటి నుంచి ఎప్పటి దాకా తీస్తారో, షుగర్ మాత్ర గురించి ఏం చేయాలో డాక్టర్ చెప్పిన మాటతో సహా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మూడోది, అంటించే ముందు ల్యాబ్, ఫార్మసీ, నర్సులు, కౌంటర్ వాళ్లు అందరూ ఒక గదిలో కూర్చుని, గేటు దగ్గర నుంచి మందు చేతికొచ్చే దాకా ఒక షుగర్ రోగిని కాగితం మీద నడిపించి చూడాలి. దానికి అరగంట చాలు. మా నోటీసుకి ఆ అరగంట పెట్టి ఉంటే, ఈ తప్పు పన్నెండు గంటల దగ్గరే అందరికీ కనిపించేది.

ఆ పెద్దావిడ మళ్లీ వచ్చినప్పుడు రెండు రిపోర్టులూ అదే రోజు డాక్టర్‌కి చూపించుకుని వెళ్లారు. వచ్చే నెల చీటీ మీద ఈసారి డాక్టర్ వేళ కాకుండా, "ల్యాబ్ 7:30, మాత్ర రక్తం ఇచ్చాకే" అని రాసి, చదివి వినిపించి ఇచ్చాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఓ క్లినిక్ రిజిస్ట్రేషన్ కౌంటర్ ఉద్యోగిని