ఆధార్ తేదీనే పుట్టిన తేదీగా ఎక్కిస్తే ఎలా?

సంపాదకులకు,

అయ్యా,

ప్రభుత్వ పత్రాల ప్రకారం మా నాన్న తన చెల్లెలికి తమ్ముడు. ఆయన పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ 1969 ఆగస్టు. ఆయన తర్వాత పుట్టిన మా మేనత్తకు ఈ మధ్య ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రంలో 01-01-1968. ఇది అచ్చుతప్పు కాదు. పుట్టుక నమోదు కాని పెద్దవాళ్లకు ఆలస్యంగా నమోదు చేసేటప్పుడు తేదీని ఎక్కడినుంచి తెస్తున్నారో ఈ పత్రం చూస్తే తెలుస్తుంది.

అత్త పుట్టింది దివిసీమలో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. బడికి వెళ్లలేదు. అమెరికాలో ఉన్న కొడుకు ఆమె గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెడితే ఆమె బర్త్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయాలంటే ఇదివరకు చట్టం ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు అడిగేది. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ విచారించి ఉత్తర్వు ఇవ్వొచ్చు. మన దగ్గర జనం చెప్పుకునేది 'ఆర్డీఓ ఆర్డర్' అనే. నమోదు జరగాల్సింది మాత్రం పుట్టిన ఊళ్లోనే, ఇప్పుడు ఉంటున్న ఊళ్లో కాదు. ఈ సంగతి తెలియక మేం మొదట రెండు వారాలు తప్పు ఆఫీసు చుట్టూ తిరిగాం.

ముందు పుట్టిన ఊరి పంచాయతీ నుంచి, రిజిస్టర్లో ఆమె పుట్టుక నమోదు లేదని పత్రం తెచ్చుకున్నాం. దానికి అఫిడవిట్ జతచేసి దరఖాస్తు పెట్టాం. అది తహసీల్దార్ ఆఫీసుకు, అక్కడి నుంచి వీఆర్వో విచారణకు వెళ్లింది. వీఆర్వో మా నాయనమ్మ దగ్గర కూర్చుని ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. ఆ మాట చెప్పి తీరాలి.

నాయనమ్మ చెప్పింది మూడు ముక్కలు. పెద్దాడు పుట్టిన రెండో ఏడు తొలి ఏకాదశి నాడు పిల్ల పుట్టింది. అది విరోధికృతు నామ సంవత్సరం. ఉప్పెన వచ్చిన రాత్రి పిల్లని చంకనేసుకుని పరిగెత్తేటప్పటికి దానికి ముందు పళ్లు ఊడి ఉన్నాయి, కొత్తవి ఇంకా రాలేదు. తారీఖు చెప్పడం రాని మనిషి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం చెప్పగలదు? విరోధికృతు అంటే 1971 ఉగాదితో మొదలైన ఏడు. ఆ ఏటి తొలి ఏకాదశి జూలై మొదటి వారంలో వస్తుంది, కచ్చితమైన రోజు పాత పంచాంగంలో దొరుకుతుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. 1971 జూలైలో పుడితే అప్పటికి ఆరేళ్ల నాలుగు నెలలు. పాలపళ్లు ఊడే వయసు సరిగ్గా అదే. 1968 జనవరిలో పుట్టి ఉంటే దాదాపు పదేళ్లు. ఆ వయసుకు ముందు పళ్లు ఎప్పుడో వచ్చేసి ఉంటాయి. మా నాన్న మెమోతో కూడా 1971 పొసగుతుంది, 1968 పొసగదు.

ఇవన్నీ ఫైల్లో ఉన్నాయి. ఉత్తర్వులో మాత్రం 01-01-1968 పడింది. అడిగితే 'ఆధార్‌తో మిస్‌మ్యాచ్ అయితే మీకే టెన్షన్' అన్నారు. ఆ ఆధార్ తేదీ ఎలా వచ్చిందో మా ఇంట్లో అందరికీ గుర్తే. క్యాంపులో ఆపరేటర్ వయసెంతని అడిగాడు, అత్త ఏదో నోటికొచ్చింది చెప్పింది, ఆయన దాన్ని అప్పటి సంవత్సరంలోంచి తీసేసి జనవరి ఒకటి కొట్టాడు. పత్రాలు లేకుండా వయసు మాత్రమే చెప్పినవాళ్లకు ఇలా జనవరి ఒకటి పడడం దేశమంతా ఉన్నదే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని జారీ చేసే సంస్థే ప్రకటించింది. ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబరులో ఆ మాటే అంది. అలాంటి అంచనా తేదీ ఇప్పుడు ఆర్డీఓ ఉత్తర్వు మీదుగా జనన పత్రంలోకి ఎక్కింది. రేపు అదే పత్రం ఆధార్ తేదీకి రుజువవుతుంది. ఎక్కడ తిరిగినా మొదటి క్యాంపులో ఆపరేటర్ వేసిన లెక్క దగ్గరికే వస్తాం.

'వయసు పెరిగితే లాభమే కదా, పింఛను ముందొస్తుంది' అని ఊళ్లో కొందరన్నారు. నిజమే, 60 ఏళ్లకు వచ్చే పింఛను మూడున్నరేళ్లు ముందే వస్తుంది. ఇంకోవైపు బ్యాంకులో కట్టుకుంటున్న జీవన్ జ్యోతి బీమా 55 ఏళ్లతో ఆగిపోతుంది. కాగితం లెక్కన ఆమెకు 2023 మొదట్లోనే 55 నిండాయి, నిజానికి నిండేది 2026 జూలైలో. ఆ మధ్యలో ఏమన్నా జరిగితే ఇంటికి రావాల్సిన 2 లక్షలు రావు. అర్హత లేని పింఛనూ వద్దు, పోయే బీమా కూడా వద్దు, ఉన్న వయసు రాయండి చాలు అంటోంది అత్త.

అమెరికా పనికైనా ఈ పత్రం సరిపోయిందా అంటే అదీ లేదు. పత్రంలో పుట్టిన తేదీతో పాటు నమోదు చేసిన తేదీ కూడా ఉంటుంది. పుట్టిన యాభై ఏళ్లకు నమోదైన పత్రం కనిపిస్తే వేరే ఆధారాలు, పెద్దల అఫిడవిట్లు కూడా పెట్టమంటారు. ఇప్పుడు నాయనమ్మ ఉన్నదున్నట్టు అఫిడవిట్ ఇస్తే, అది మేం కష్టపడి తెచ్చుకున్న పత్రాన్నే కాదంటుంది.

నేను కోరేది పెద్దదేం కాదు. ఆలస్య నమోదు ఉత్తర్వులో తేదీ దేని ఆధారంగా నిర్ణయించారో ఒక వాక్యం రాయాలి. బడి రికార్డా, పెద్దల వాంగ్మూలమా, తోబుట్టువుల వయసుల వరుసా, ఏదైతే అది. ఏడు మాత్రమే తేలితే జనవరి ఒకటి బదులు జూలై ఒకటి వేయాలి. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో పాత నిబంధన అదే: ఏడు తెలిసి తేదీ తెలియకపోతే జూలై 1, నెల కూడా తెలిస్తే ఆ నెల 16. మధ్య రోజు కాబట్టి తప్పు ఎటు పోయినా ఆరు నెలలు దాటదు. జనవరి ఒకటైతే తప్పు ఏడాది దాకా ఉండొచ్చు, పైగా ఎప్పుడూ వయసు పెంచే వైపే ఉంటుంది. ఎక్స్‌రే తీస్తే తేలిపోతుందని కొందరు సలహా ఇస్తారు. ఎముకలు అతుక్కోవడాన్ని బట్టి వయసు చెప్పే పరీక్ష పాతికేళ్ల లోపు వాళ్లకు పనికొస్తుంది. ఆ వయసు దాటాక డాక్టరు చెప్పగలిగేది 'ఇంత నుంచి ఇంత' అనే.

ఇదే దారిలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఆధార్‌లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు. అందుకని ముందు జనన పత్రంలో సరైన తేదీ పడేలా చూసుకుని, తర్వాతే ఆధార్ జోలికి వెళ్లండి. మేం పంచాయతీ కార్యదర్శిని దిద్దమని అడిగితే, పై ఉత్తర్వులో ఉన్న తేదీ కాబట్టి తన చేతుల్లో లేదన్నారు. అందుకే మళ్లీ డివిజన్ ఆఫీసుకు అర్జీ పెట్టాం. ఈసారి దాంతో పాటు మా నాన్న పదో తరగతి మెమో నకలు, విరోధికృతు పంచాంగంలో తొలి ఏకాదశి ఉన్న పేజీ నకలు జతచేశాం. ఫైలు ప్రస్తుతం తహసీల్దార్ దగ్గర ఉంది.

— ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా