'చూద్దాం' అంటే కాదనే: విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్చరర్ లేఖ

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే మా కాలేజీ అంతర్గత కమిటీలో సభ్యురాలిని కూడా. ఆ కమిటీ గదిలో కూర్చుని నేర్చుకున్న ఒక విషయం మీకు చెప్పాలని రాస్తున్నాను.

రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు ఫిర్యాదు ఇచ్చింది. అదే క్లాసు అబ్బాయి మూడు నెలలుగా వెంటపడుతున్నాడు. వద్దంటున్నా మెసేజ్‌లు ఆపడం లేదు, సాయంత్రం బస్టాపులో నిలబడుతున్నాడు. వాట్సాప్ చాట్ ప్రింటు తీసి తెచ్చింది. ఇద్దరినీ విడివిడిగా పిలిచి మాట్లాడాం. అబ్బాయిని నేను ఒకే ప్రశ్న అడిగాను. "ఆమె నీకు అవునని ఎప్పుడు చెప్పింది?" వాడు ఫోన్ తీసి చాట్ పైకి జరుపుతూ పోయాడు. బొటనవేలు చాలాసేపు ఆగలేదు. చివరికి ఫోన్ బల్ల మీద పెట్టి, "కాదని కూడా అనలేదు కదా మేడం" అన్నాడు.

నిజానికి ఆమె నాలుగుసార్లు కాదంది. మొదటిసారి "మనం ఫ్రెండ్స్ కదా" అంది. తర్వాత "ఇప్పుడివన్నీ వద్దు, సెమిస్టర్ అయ్యాక చూద్దాం" అంది. ఇంకోసారి "మా నాన్నకు తెలిస్తే చంపేస్తారు" అంది. ఆ తర్వాత మెసేజ్‌లు చదివి జవాబు ఇవ్వడం మానేసింది. అబ్బాయి లెక్క వేరు. ఫ్రెండ్స్ అంటే దగ్గరైనట్టే. సెమిస్టర్ అయ్యాక అంటే ఆగమన్నట్టు. నాన్న అంటే, అడ్డం నాన్నే కానీ ఆమె కాదు. మౌనం ఎలాగూ అర్ధాంగీకారం.

ఇదే అబ్బాయి బాబాయిని పదివేలు అప్పు అడిగి, ఆయన "చూద్దాంలేరా" అంటే ఏమనుకుంటాడు? ఇవ్వడని వెంటనే అర్థం చేసుకుంటాడు. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అంటే అర్థమేమిటో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మెత్తగా కాదనడం మన భాషలో మర్యాద, వినేవాళ్లం దాన్ని తేలిగ్గానే పట్టుకుంటాం. మరి ఒక అమ్మాయి అదే మాట అంటే మాత్రం అందులో ఆశ వెతుక్కోమని మగపిల్లలకు ఎవరు నేర్పారు? అర్థం కాకపోవడం కాదు సార్, అర్థం చేసుకోకపోయినా ఫర్వాలేదనే అలవాటు ఇది.

మన చట్టం ఈ విషయంలో సామెత కంటే ముందుంది. 2013 సవరణ తర్వాత పాత శిక్షాస్మృతిలోనూ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ, లైంగిక చర్యకు సమ్మతి అంటే స్వచ్ఛందమైన, అనుమానానికి తావులేని అంగీకారమని రాసి ఉంది. మాటతోనో సైగతోనో ఆ ఇష్టం తెలపాలి, అదీ ఆ ఫలానా చర్యకే. ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు లెక్కకట్టకూడదనీ ఉంది. 18 ఏళ్లు నిండని అమ్మాయి విషయంలో ఒప్పుకుందన్న మాటే చెల్లదు. అదే సంహితలో 78వ సెక్షన్, ఇష్టం లేదని స్పష్టంగా తెలిశాక కూడా ఒక స్త్రీని పదేపదే వెంబడించడాన్ని నేరమంటుంది. మొదటిసారికి మూడేళ్ల వరకు జైలు. షీ టీమ్స్ వాళ్లు కాలేజీలకు వచ్చి ఈ సెక్షన్లు చెబుతున్నారు, అది మంచి పని. కానీ జైలు సంగతి చెప్పినంత మాత్రాన, ఆ రాత్రి కాదన్న మెసేజ్ చూసినవాడు ఏం చేయాలో తెలియదు.

అందుకే మా క్లాసులో నేను రెండూ ప్రాక్టీసు చేయిస్తున్నాను.

ముందు కాదని చెప్పడం. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెడతాను. మొదటిసారి దాదాపు అందరూ నవ్వేస్తారు, లేదా "సారీ" అంటూ మొదలుపెడతారు, చివరికొచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. "కుదరదు" అంటారు. కుదరదంటే ఇవాళ వీలుకాదని, రేపు కుదరొచ్చని అర్థం వస్తుంది. "ఇష్టం లేదు" అనమంటాను. నాన్న, పరీక్షలు, కులం లాంటి కారణాలు చెప్పొద్దంటాను, ఎందుకంటే ప్రతి కారణానికీ అవతలివాడు ఒక పరిష్కారం తెస్తాడు. చివరికి తేలే వాక్యం ఇంతే: "నాకు ఇష్టం లేదు. ఈ విషయం మళ్లీ అడగొద్దు." నాలుగోసారికి మామూలు గొంతుతో అనగలుగుతారు. అదే మెసేజ్‌గా ఒక్కసారి పంపి, దాని స్క్రీన్‌షాట్ దాచుకోమని చెబుతాను. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే పనికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పి తీరాలి. ఒంటరి గదిలో ఒకడు చెయ్యి పట్టుకుని ఉంటే, ముఖం మీద కాదనడం అన్నివేళలా క్షేమం కాదు. భయంతో గొంతు పెగలని అమ్మాయిలూ ఉంటారు. అప్పుడు ఏదో ఒకటి చెప్పి బయటపడాలి, తర్వాత నమ్మకమైన మనిషికి చెప్పాలి, 181కి ఫోన్ చేయాలి. గట్టిగా కాదనలేదు కాబట్టి తప్పు నీదే అని మనలో ఎవరూ అనకూడదు. స్పష్టంగా చెప్పడం ఆమెకు ఒక సాయం మాత్రమే. అవునన్న మాట వినకుండా ముందుకు వెళ్లకపోవడం వాడి బాధ్యత.

రెండోది వినడం. ఇదే కష్టం. "ఎందుకు?" అని అడగొద్దంటాను. ఆ ఒక్క ప్రశ్నతో కాదన్న మాట వాదనగా మారిపోతుంది. "సరే. చెప్పినందుకు థ్యాంక్స్. ఇక ఈ మాట ఎత్తను." అంతే, అక్కడితో ఆపాలి. ఫ్రెండ్‌ను రాయబారం పంపొద్దు, బాధ స్టేటస్ పెట్టొద్దు, అర్ధరాత్రి లాస్ట్ మెసేజ్ అంటూ రాయొద్దు. మొదటి రాత్రి ఫోన్ రూమ్మేట్ చేతిలో పెట్టమంటాను. బాధగా ఉంటే ఏడవమంటాను. ఒక అబ్బాయి క్లాసయ్యాక వచ్చి, "ఏడిస్తే ఫ్రెండ్స్ నవ్వుతారు మేడం, వెంటపడితే హీరో అంటారు" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. అమ్మాయి అడిగితే ఇష్టంలేక కాదన్న అబ్బాయిని కూడా ఇలాగే "మగాడివేనా" అంటారు. వాడి కాదుకీ అంతే విలువుందని చెప్పాలి.

ప్రేమలో ఉన్నవాళ్లకు కూడా ఈ పాఠం కావాలి. సినిమాకు వస్తానంటే, భుజం మీద చెయ్యి వేయమని కాదు. నిన్న సరే అన్నది ఇవాళ వద్దనొచ్చు, మధ్యలో ఆపమన్నా ఆపాలి. తన ఏకాంతపు ఫొటో తీసుకోనిచ్చిన అమ్మాయి, దాన్ని ఇంకొకరికి చూపించమని ఒప్పుకున్నట్టు కాదు, అలా పంచడం 77వ సెక్షన్ కింద నేరం. తాగి ఒళ్లు తెలియని స్థితిలో చెప్పిన అవును అవునే కాదు.

2008 డిసెంబరులో వరంగల్‌లో, ఒకమ్మాయి ప్రేమను కాదన్నదన్న కక్షతో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కొద్దిరోజుల్లోనే నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులను మెచ్చుకున్నారు. ఆ తర్వాత కాలేజీల్లో చేరిన మగపిల్లలకు కాదన్న మాట ఎలా వినాలో మాత్రం మనం పాఠంగా పెట్టలేదు.

మీరు చేయాల్సింది పెద్ద ఖర్చు పనేమీ కాదు. డిగ్రీ, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ మొదటి సెమిస్టర్‌లో రెండేసి గంటల క్లాసులు రెండు పెట్టించండి. అమ్మాయిలనూ అబ్బాయిలనూ ఒకే గదిలో కూర్చోబెట్టండి. అమ్మాయిలకు విడిగా జాగ్రత్తలు చెప్పి పంపేసే పద్ధతి వద్దు. తెలుగులో చెప్పించండి, ఎందుకంటే పిల్లలు ప్రేమించేదీ కాదనేదీ తెలుగులోనే. ప్రతి కాలేజీలో ఇద్దరు లెక్చరర్లకు రెండు రోజుల శిక్షణ చాలు.

నేను రాసుకున్న పాఠం తొమ్మిది పేజీలు ఉంది. మీ కార్యాలయం ఏ రోజు రమ్మంటే ఆ రోజు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ లెక్చరర్