తెలుగు, ఇంగ్లీష్ పక్కపక్కన ఉండే శుభలేఖల గురించి మా కస్టమర్లకు

"అన్నా, తెలుగు మ్యాటర్ వాట్సాప్‌లో పంపాం, ఇంగ్లీష్ కూడా పంపాం. రెండూ పక్కపక్కన పెట్టి ప్రెస్‌కు ఇవ్వడానికి మూడు రోజులా?"

పెట్టడానికి పది నిమిషాలు చాలు. అలా పెట్టిన కార్డు చదవడానికి మాత్రం పనికిరాదు. ఈ సీజన్‌లో ఈ రకం ఆర్డర్లు ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి, షాపులో ఏం చేస్తున్నామో, రేటు ఎందుకు మారిందో దాచకుండా చెప్తాను.

అసలు చిక్కు వాక్యంలోనే ఉంది. తెలుగు శుభలేఖ "మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ." అని పెళ్లికూతురితో మొదలై, పెళ్లికొడుకు తల్లిదండ్రుల మీదుగా పెళ్లికొడుకు దగ్గరికి వచ్చి, ముహూర్తం, వేదిక చెప్పి, చివరికి "ఆశీర్వదించ ప్రార్థన" దగ్గర ఆగుతుంది. ఇంగ్లీష్ మ్యాటర్‌లో పిలుపు ముందే వచ్చేస్తుంది, పేర్లు ఆ తర్వాత. రెండూ వచ్చినవి వచ్చినట్టు కాలమ్‌లలో పోస్తే, ఎడమవైపు పెళ్లికూతురి పేరు ఉన్న చోట కుడివైపు తాతగారి పేరు ఉంటుంది. ఎడమవైపు ముహూర్తం కార్డు మధ్యలో, కుడివైపు అడుగున. ఒక భాష చదివి సగంలో రెండో భాషలోకి చూసే పెద్దవాళ్లకు ఏదీ దొరకదు.

అందుకని ముందు మ్యాటర్‌ను ముక్కలు చేస్తాం. పిలిచేవారు, వధువు, వరుడు, ముహూర్తం, వేదిక, విందు. ఒక్కో ముక్క ఒక్కో వరుస. ప్రతి వరుస రెండు కాలమ్‌లలోనూ ఒకే ఎత్తులో మొదలవ్వాలి. ఇంగ్లీష్ వాక్యాన్నే తిరగరాసి పేర్లు ముందుకు తెస్తాం, పిలుపును చివరికి జరుపుతాం. ఒకవైపు మూడు లైన్లు, ఇంకోవైపు రెండే లైన్లు వస్తే ఆ ఒక్క లైను ఖాళీగా వదిలేస్తాం, సాగదీయం. పైన ఉండే శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, శ్లోకం, సంవత్సరం పేరు, తిథి, నక్షత్రం మాత్రం రెండు కాలమ్‌ల మీదుగా మధ్యలో ఒకేసారి తెలుగులో వేస్తాం. వాటిని ఇంగ్లీష్‌లోకి దింపమని అడిగితే వేస్తాను కానీ, నా మటుకు అది అనవసరం.

తర్వాత కొలత. ఎనిమిది అంగుళాల వెడల్పు కార్డులో రెండు అంచులకూ అర అంగుళం చొప్పున, మధ్య సందుకు ఇంకో అర అంగుళం పోతే కాలమ్‌కు మూడుంపావు మిగులుతుంది. 13 పాయింట్ల తెలుగు అక్షరాలు అందులో లైనుకు సుమారు ఇరవై పడతాయి, హాయిగా చదువుకోవచ్చు. అదే ఐదు అంగుళాల కార్డయితే అంచులు, సందు తగ్గించినా కాలమ్‌కు రెండు అంగుళాలకు మించి పెద్దగా రాదు. పన్నెండు అక్షరాల దగ్గర లైను అయిపోతుంది. "సకుటుంబసపరివారసమేతంగా" అన్న ఒక్క మాటకే పదమూడు అక్షరాలు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఇష్టమొచ్చిన చోట విరిచేస్తుంది. మనం విరిస్తే "సకుటుంబ", "సపరివార", "సమేతంగా" అని విరగాలి. అందుకే ఆటోమేటిక్‌గా మాట విరిచే సదుపాయం, రెండు అంచులూ సమం చేసే జస్టిఫై, ఈ రెండూ ఆపేసి చేత్తోనే లైన్లు కొడతాం. ఏడు అంగుళాల కంటే చిన్న కార్డుకు రెండు కాలమ్‌ల ఆర్డర్ ఇకమీదట తీసుకోవడం లేదు. ముందు పేజీ తెలుగు, వెనక పేజీ ఇంగ్లీష్ పెట్టుకోండి, అదే బాగుంటుంది.

లైన్ల మధ్య దూరం కూడా తెలుగును బట్టే ఉండాలి. "శాస్త్రోక్తంగా", "జ్యోత్స్న" లాంటి మాటల్లో ఒత్తులు కిందికి దిగి, కింది లైనులోని గుడికి తగులుతాయి. 13 పాయింట్ల తెలుగుకు 20 పాయింట్ల దూరం ఇస్తే తగలవు. ఇంగ్లీష్‌కు అంత అక్కర్లేదు, అయినా 12 పాయింట్ల సైజులో పెట్టి అదే 20 ఇస్తాం. అప్పుడే ఎడమ లైను, కుడి లైను ఒకే గీత మీద కూర్చుంటాయి. స్కేలు అడ్డం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ముహూర్తం వరుస. మొన్న ఒక కార్డుకు తెలుగు మ్యాటర్ "20వ తేదీ శుక్రవారం రాత్రి 2.18 గం.లకు, తెల్లవారితే శనివారం" అని వచ్చింది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది కాబట్టి అది సరైనదే. వాళ్లు పంపిన ఇంగ్లీష్‌లో మాత్రం "ఫ్రైడే, 20, 2.18 ఏ.ఎం." అని ఉంది. అలా చదివినవాళ్లు గురువారం అర్ధరాత్రి దాటాక అనుకుంటారు, అంటే పూర్తిగా ఒక రోజు ముందు. అలాగని "శాటర్డే, 21" అని మాత్రమే వేస్తే, శుక్రవారం సాయంత్రం ఏడు గంటల విందుకు రావాల్సినవాళ్లు శనివారం సాయంత్రం దిగుతారు. అమెరికా నుంచి టికెట్లు కొనుక్కునే పిల్లలు చూసేది ఇంగ్లీష్ కాలమ్‌నే. చివరికి ఇంగ్లీష్ వైపు రెండు లైన్లు వేశాం. మొదటి లైనులో ఫ్రైడే నైట్, 20. దాని కింద 2.18 ఏ.ఎం., శాటర్డే, 21. విందు వరుసను ముహూర్తం కంటే పైకి జరిపి, దానికి విడిగా తేదీ వేశాం. రాత్రి పన్నెండు దాటిన ముహూర్తాలన్నింటికీ ఇకనుంచి ఇదే పద్ధతి.

పేర్లకు వస్తే, ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో ఉన్నట్టే ఇవ్వండి. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు శుభలేఖ జత చేస్తారు కదా, అక్కడ అక్షరం తేడా వస్తే మీకే తిప్పలు. తెలుగు మ్యాటర్‌ను ఫోటోగా కాకుండా టైప్ చేసి పంపండి. కార్డు డిజైన్ చాలాసార్లు యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో ఉంటుంది, మీ ఫోన్‌లో టైపయ్యేది యూనికోడ్. ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు కంటికి కనపడని గుర్తు ఒకటి జారిపోయి, "రాజ్‌కుమార్" కాస్తా "రాజ్కుమార్" అవుతుంది. అందుకే పొల్లు ఉన్న ప్రతి పేరునూ విడిగా చూస్తాం.

ప్రెస్‌కు వెళ్లే పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ గీతలుగా మార్చేస్తాం. కోరల్‌డ్రాలో టెక్స్ట్ ఎంచుకుని `Ctrl+Q` కొట్టడమే. అక్కడి కంప్యూటర్లో ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. అయితే ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దలేం, మళ్లీ పాత ఫైలు తెరిచి మొదటి నుంచి చూసుకోవాల్సిందే. "అన్నా, బాబాయ్ పేరు ఒకటి చేర్చు" అని రాత్రి పదకొండుకు ఫోన్ చేసినప్పుడు నేను నసిగేది అందుకే. ఒక పేరు చేరితే ఆ వరుస పెరుగుతుంది, కింద ఉన్న వరుసలన్నీ రెండు కాలమ్‌లలోనూ జరుగుతాయి.

రెండు కాలమ్‌ల కంపోజింగ్‌కు ఇప్పుడు విడిగా 600 రూపాయలు తీసుకుంటున్నాం. ఇందులో రెండు ప్రూఫులు ఉంటాయి, మూడో ప్రూఫ్ నుంచి ప్రతిసారికీ వంద. ప్రూఫును ఫోన్‌లో చూసి ఓకే అనడం కుదరదు, అసలు సైజులో కాగితం మీద తీసి ఇస్తాం. ఇంట్లో తెలుగు బాగా చదివే పెద్దవాళ్లు ఒకరు, ఇంగ్లీష్ వైపు చూసేవాళ్లు ఇంకొకరు, ఇద్దరూ దాని మీద సంతకం పెట్టాకే ఫైలు ప్రెస్‌కు వెళ్తుంది.