విషయం: ప్రోగ్రామింగ్ పరీక్షలో మా అమ్మాయి కీబోర్డు – ఈసారైనా చదివి జవాబివ్వండి

తేదీ: 2024 నవంబర్ 18

సెంటర్ మేనేజర్ గారికి,

నా ఫిర్యాదును మీవాళ్లు మళ్లీ ‘పరిష్కారమైంది’ అని మూసేశారు. ఏం పరిష్కరించారో మాకూ ఒక ముక్క చెబితే సంతోషిస్తాం.

మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ ఉంది, కొన్ని కీలను వేరే చోటికి మార్చుకోనివ్వండి అని మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ‘మా కీబోర్డులన్నీ కొత్తవే మేడం, ఏ కీ పాడవలేదు’ అన్నాడు ఆ అబ్బాయి. టెక్నికల్ వాళ్లకి కలిపితే వాళ్లు కాసేపు పాట వినిపించి పరీక్షల విభాగాన్ని అడగమన్నారు. అక్కడివాళ్లు యూనివర్సిటీని అడగమన్నారు. యూనివర్సిటీ ఏమో ‘కంప్యూటర్లు సెంటరువి, అక్కడే అడగండి’ అని కాగితం రాసిచ్చింది. ఆ కాగితం మీకు పంపితే, హాల్ టికెట్ ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలో వివరిస్తూ జవాబొచ్చింది, బొమ్మలతో సహా. దాని హాల్ టికెట్ అప్పటికే బీరువాలో ఉంది సార్.

తర్వాత ఒకాయన ‘స్టిక్కీ కీస్ పెడతాం కదా, ఇంకేం కావాలి?’ అని విసుక్కున్నారు. షిఫ్ట్, ఇంకో కీ కలిపి నొక్కలేనివాళ్లకి అది పనికొస్తుంది. మా పిల్ల ఇబ్బంది అదొక్కటే కాదు. దాని కుడి చెయ్యి పిడికిలి విప్పుకోదు. ఎడమ చేత్తోనే టైప్ చేస్తుంది. ఆ చెయ్యి కుడి వైపున్న ఎల్, పి, ఎంటర్ దాకా చాచేసరికి భుజం బిగుసుకుపోయి, మధ్యలో నాలుగు కీలు తగులుతాయి. వాటిలో విండోస్ కీ ఉంటే, పరీక్ష తెర దాటి బయటికెళ్లినట్టు మీ సాఫ్ట్‌వేర్ హెచ్చరిక ఇస్తుంది. మాక్ టెస్టులో అదే జరిగింది. మీ ఇన్విజిలేటర్ వచ్చి ‘కాపీ కొడుతున్నావా?’ అని అడిగారు.

స్క్రైబ్‌ని పెట్టుకోమని సలహా ఇచ్చిన మేడం గారికి కూడా నమస్కారం. దాని మాట ముద్దగా వస్తుంది. పైథాన్‌లో ఏ వరుస ఎన్ని ఖాళీలు లోపలికి జరగాలో, కోలన్ ఎక్కడో, బ్రాకెట్ ఎక్కడ మూయాలో సబ్జెక్టు తెలియని మనిషికి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతే పరీక్ష ఎప్పటికవుతుంది? పైగా టైప్ చేయడం వచ్చిన పిల్ల అది.

మేం పరీక్షకు తెచ్చుకుంటామంటున్నది ఇంట్లో అది వాడే కీబోర్డునే. అందులో క్యాప్స్ లాక్ ఒకసారి నొక్కి వదిలేస్తే, ఆ తర్వాత నొక్కే ఒక్క కీ కుడి వైపు అక్షరంగా మారుతుంది. ఎఫ్ నొక్కితే జె, ఎస్ నొక్కితే ఎల్, ఏ నొక్కితే కోలన్, టాబ్ నొక్కితే ఎంటర్. రెండు కీలు కలిపి నొక్కే పనే లేదు. విండోస్ కీ పనిచేయకుండా ఆపేశాం. ఈ అమరికంతా కీబోర్డు లోపలి చిప్‌లోనే ఉంటుంది. మీ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేరూ వేయక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డూ అక్కర్లేదు. అయినా ‘బయటి సాఫ్ట్‌వేర్ అనుమతించం’ అనే జవాబే వస్తోంది, అడగని ప్రశ్నకి.

అలాంటి కీబోర్డులో జవాబులు దాచిపెట్టొచ్చని మీకు అనుమానం రావచ్చు. అది న్యాయమైన అనుమానమే, కానీ మీలో ఒక్కరూ ఆ మాటైనా అడగలేదు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీని మామూలుగా ఒకసారి, క్యాప్స్ లాక్ తర్వాత ఒకసారి నొక్కి చూడండి. ఒక నొక్కుకి ఒక్క అక్షరం మించి పడితే మమ్మల్ని బయటికి పంపండి. కాదంటే అమరిక ఫైల్ ఇస్తాం, మీ ఇంజనీరే చిప్‌లోకి ఎక్కించుకుని, సీలు వేసి మీ దగ్గరే ఉంచుకోండి.

మా పెద్దాడు పరీక్షలన్నీ మీ దగ్గరే రాశాడు. మా కాలనీలో ఎవరడిగినా మీ సెంటర్ పేరే చెప్పేదాన్ని. దానికి ఇదన్నమాట మర్యాద.

కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు జతచేస్తున్నాను. సొంత కంప్యూటర్ తేకూడదు గానీ, కీబోర్డు, ప్రత్యేక మౌస్ లాంటివి అనుమతించాలని అందులో ఉంది. ఒకరోజు ముందు కంప్యూటర్‌ని పరీక్షించుకోనివ్వాలని కూడా ఉంది. మాకు ఆ ముందురోజు తప్పనిసరిగా కావాలి. మీ యంత్రాలు కొత్త యూఎస్‌బీ పరికరాన్ని అడ్డుకునేలా పెట్టి ఉంటే, పరీక్ష రోజు పొద్దున్న తెలిసి లాభం లేదు.

ఈ శుక్రవారం లోపు మనిషి రాసిన జవాబు రావాలి, మనిషి సంతకంతో. లేదంటే సోమవారం ఈ ఉత్తరాలన్నీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ముందు ఉంటాయి. 2016 చట్టం ప్రకారం ఆ కార్యాలయం మిమ్మల్ని పిలిపించి, కాగితాలు తెప్పించుకోగలదు. అక్కడ హెల్ప్‌లైన్ పాట పనిచేయదు.

ఇట్లు,
హాల్ టికెట్ మీద మీరే ‘పీడబ్ల్యూడీ’ అని ముద్రించిన అభ్యర్థి తల్లి