అట్టపెట్టె వాసన వేసిన వైన్ సీసా: ఏది మారుస్తాం, ఏది మార్చం

“షాపు యజమాని గారికి, మీ దగ్గర కొన్న రెడ్ వైన్ ఆదివారం రాత్రి భోజనాల్లో తెరిచాం. ఫ్రిజ్‌లోంచి తీసి పోసినప్పుడు ఫరవాలేదనిపించింది. కాసేపటికి తడిసిన అట్టపెట్టె వాసన మొదలైంది, గ్లాసులో ఉన్నకొద్దీ పెరిగింది. మావారికి ఏమీ తెలియలేదు, ‘బానే ఉంది కదా’ అని తాగేశారు. మిగిలినదానికి బిరడా పెట్టి బిల్లుతో సహా పంపిస్తున్నాను. వేరే సీసా ఇప్పించండి. తాగినవాళ్లకి ఏమైనా అవుతుందా, అది కూడా చెప్పండి. – ఎంవీపీ కాలనీ నుంచి మీ కస్టమర్.”

రాసినావిడ ఒప్పుకున్నారు కాబట్టి పేరు తీసేసి ఉత్తరాన్ని మీ అందరి ముందు పెట్టాను. మేడమ్ గారూ, కొత్త సీసా కౌంటర్‌లో తీసి ఉంచాం, ఎప్పుడొచ్చినా తీసుకోండి. మీవారికి ఏమీ కాదు. ఇది రుచిని పాడుచేసే దోషమే గానీ ఒంటికి పడనిది కాదు.

అక్కడితో ఆపేయొచ్చు. కానీ ఏ సీసా మారుస్తారు, ఏది మార్చరు అని కౌంటర్ దగ్గర తరచూ వాదన పడుతోంది. అందుకే ఈ సీసాని ఎలా చూశానో చెబుతాను.

రాత్రి షాపు కట్టేశాక దాన్ని ఇంటికి పట్టుకెళ్లాను. అదే పెట్టెలో వచ్చిన ఇంకో సీసా కూడా తీసుకెళ్లి తెరిచాను. ముందు చూసింది బిరడా. చాలామంది దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తేల్చేస్తారు. మంచి సీసా బిరడా కూడా బెరడు వాసన వేస్తుంది, చెడ్డ సీసా బిరడా ఒక్కోసారి ఏ వాసనా వేయదు. బిరడాలో చూడాల్సింది మరక. ఈ బిరడాకి అడుగున మాత్రమే ఎరుపు అంటింది, పక్కలమ్మట పైకి పాకలేదు. పాకి ఉంటే, లేదా బిరడా సీసా మూతి దాటి పైకి పొడుచుకొచ్చి ఉంటే, ఆ సీసా ఎక్కడో వేడెక్కిందన్నమాట. తరవాత రెండిట్నీ తెల్ల కాగితం ముందు పెట్టి రంగు చూశాను. గాలి దూరి పాడైన వైన్ ఇటుకరంగులోకి, గోధుమరంగులోకి తిరుగుతుంది. ఇక్కడ రెండిటి రంగూ ఒక్కటే. సగం సీసా ఖాళీ అయి వచ్చినా తేడా లేదంటే ఆవిడ వెంటనే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచారనే అర్థం.

ఇక వాసన. మా ఆవిడని వంటింట్లోనే ఒకేలాంటి గ్లాసుల్లో పోసి తెమ్మన్నాను, ఏది ఏదో నాకు చెప్పొద్దన్నాను. రెండూ ఫ్రిజ్ చల్లదనం పోయేదాకా ఆగాను. ఇక్కడ మొదటిసారి పీల్చిందే లెక్క. పదే పదే పీలిస్తే ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోయి, ‘ఏముంది, బానే ఉందే’ అనిపిస్తుంది. ఒక గ్లాసులో నల్ల పండ్ల వాసన, కాస్త మిరియం ఘాటు. రెండోదాంట్లో ముసురులో తడిసిన పాత పేపర్ల కట్ట వాసన, అంతకన్నా ముఖ్యంగా పండు వాసన అసలు లేకపోవడం. నోట్లో పోసుకుంటే చప్పగా, వగరుగా ఉంది. ఆవిడ పంపిన సీసా అదే.

ఇది ఎక్కణ్నించి వచ్చిందంటే, బిరడాలోంచి. సహజమైన బిరడాని కార్క్ ఓక్ చెట్టు బెరడుతో చేస్తారు, ఆ చెట్లు ఎక్కువగా పోర్చుగల్‌లో ఉన్నాయి. బెరడులో క్లోరిన్ కలిసిన ఫినాల్స్ ఉండి, దానికి బూజు పడితే, ఆ బూజు వాటిని ట్రైక్లోరోఅనిసోల్‌గా మారుస్తుంది. వైన్ వాళ్లు పొట్టిగా టీసీఏ అంటారు. లీటరు వైన్‌లో 5 నానోగ్రాములున్నా చాలామందికి తెలిసిపోతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఇంత తక్కువది ఇంత పాడుచేయడం నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇది తన వాసన వేయడంతో ఊరుకోదు. ముక్కులో వాసన పట్టే కణాల పనినే అణిచేస్తుందని 2013లో జపాన్ పరిశోధకులు చూపించారు. పండు వాసన మాయమవడానికి కారణం అదే. ఇంకా తక్కువ ఉంటే అట్టపెట్టె వాసన కూడా తెలీదు, వైన్ నీరసంగా ఉందనిపిస్తుందంతే. అలాంటి సీసాలు తిరిగి రావు, ఆ కస్టమరే రాడు.

మేడమ్ గారింట్లో మొగుడూ పెళ్లాల మధ్య తేడా కూడా వింత కాదు. ఈ వాసన కొందరికి ఇట్టే తెలుస్తుంది, కొందరికి దానికి ఎన్నో రెట్లున్నా తెలీదు. సార్ గారూ, మీ ముక్కులో లోపమేమీ లేదు, కానీ ఈసారికి ఆవిడ మాటే నిజం. ఫ్రిజ్‌లోంచి తీయగానే వాసన రాకపోవడానికి చల్లదనమే కారణం. చల్లగా ఉన్నంతసేపు వాసనలు పైకి లేవవు. మన ఊరి వేడికి రెడ్ వైన్‌ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టడం తప్పు కాదు, పెట్టాల్సిందే. కాకపోతే గ్లాసులో పోసి ఓ పది నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి చూడండి.

ఆ ఆగడంలోనే ఇంకో సంగతి తేలుతుంది. కొన్ని సీసాలు తెరవగానే కాల్చిన అగ్గిపుల్ల వాసనో, కుళ్లిన గుడ్డు వాసనో వేస్తాయి. అది గంధకానిది. గ్లాసుని గిరగిరా తిప్పుతూ కాసేపు గాలి తగలనిస్తే చాలావరకు పోతుంది. టీసీఏ పోదు. గాలి తగిలితే ఇంకా బయటపడుతుంది. అందుకే పెరుగుతున్న వాసనంటే బిరడా దోషమని, తగ్గుతున్న వాసనంటే కంగారు లేదని నేను లెక్క వేసుకుంటాను.

ఇదే పెట్టెలో కొన్న మిగతావాళ్లు భయపడొద్దు. దోషం ఒక్కో బిరడాది. పోల్చడానికి తెరిచిన సీసా బాగానే ఉంది, మిగతావి అమ్ముతూనే ఉంటాను. తయారుచేసిన చోటే పీపాలకో గోడలకో పట్టి ఉంటే మొత్తం సరుకూ ఇలాగే ఉండేది. రెండో సీసా తెరిచింది ఆ అనుమానం తీర్చుకోవడానికే.

ఇక మార్పిడి సంగతి. మొదటి గ్లాసు దగ్గరే ఆగిపోండి, పారబోయకండి. అదే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టి, బిల్లుతో రెండు మూడు రోజుల్లో తెండి. ఈ వాసన ఆ లోపు ఎక్కడికీ పోదు, కానీ గాలికి వైన్ పులిస్తే రెండు దోషాలు కలిసిపోయి నాకు తేల్చడం కష్టమవుతుంది. సగం తాగారని వాదించను. ఖాళీ సీసా తెస్తే మాత్రం నేను చూడ్డానికి ఏమీ ఉండదు. బిరడా ముక్కలు తేలుతున్నాయని తెచ్చే సీసాలు మార్చను. అది తెరిచేటప్పుడు బిరడా విరగడం, టీ జల్లెడలో వడకట్టుకుంటే సరిపోతుంది. నచ్చలేదన్నా మార్చలేను. నాసిక్ వైపు నుంచి వచ్చే సీసాల్లో చాలావాటికి తిప్పే మూతే కాబట్టి వాటికి ఈ బిరడా గొడవే ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ పేచీ వచ్చేది ఎండతో. మధ్యాహ్నం సీసా కొని, కారులో వదిలేసి బీచ్ రోడ్డులో సాయంత్రం దాకా తిరిగి ఇంటికెళ్తారు. ఆ వైన్ ఉడికిన జామ్‌లా అవుతుంది, బిరడా పైకి లేస్తుంది. అది నా షాపు దాటాక జరిగింది, మార్చను. అయితే బిరడా అప్పటికే పైకి లేచి ఉన్న సీసా నా అరలోనే కనిపిస్తే కొనకండి, కౌంటర్‌లో ఇచ్చి ఇంకోటి అడగండి.

మేడమ్ గారికి ఒకటే ప్రశ్న మిగిలింది. అదే వైన్ కావాలా, అదే ధరలో తిప్పే మూతది ఇవ్వమంటారా? రెండూ తీసి పెట్టాను, వచ్చినప్పుడు చెప్పండి.