నాన్ రిటర్నబుల్ అంటే అన్నిటికీ కాదు

ఆన్‌లైన్‌లో కొన్న లోదుస్తులు, క్రీములు, శానిటరీ ప్యాడ్‌ల మీద 'నాన్ రిటర్నబుల్' అని ఉంటే చాలు, పాడైన సరుకు వచ్చినా జనం నోరు మూసుకుని డబ్బు వదిలేసుకుంటున్నారు, ఇది ఆగాలి. మా చెల్లికి వచ్చిన ఫేస్ క్రీమ్ మూత కింద రేకు అప్పటికే చిరిగి ఉంది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వెనక్కి తీసుకోం అని ఒకటే పాట. సైజు చాల్లేదు, రంగు నచ్చలేదు అంటే తీసుకోకపోవచ్చు, అది న్యాయమే, ఒకరు వేసుకున్నది ఇంకొకరికి ఎలా అమ్ముతారు? కానీ పాడైనది, నకిలీది, చూపించిందొకటి పంపిందొకటి అయితే వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. అందుకే పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి, సీల్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ ఫొటోలు పెట్టుకుని, వాడకుండా, 'నచ్చలేదు' అని కాకుండా 'డ్యామేజ్' అనే కారణం కిందే కంప్లయింట్ పెట్టాలి. ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో కంప్లయింట్ అందిందని చెప్పి నెలలోగా తేల్చాలి, లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అసలు 'నాన్ రిటర్నబుల్' అన్న చోటే 'పాడైతే, వేరేది వస్తే ఇది వర్తించదు' అని తెలుగులో కూడా రాయాలని కేంద్ర వినియోగదారుల శాఖ ఆదేశించాలి.

- ఒక వినియోగదారు, ఖమ్మం