ఉద్దెర మెసేజ్‌లో పేరు, రూపాయలు తారుమారైన సంగతి

"అన్నా, మొన్నటి అప్‌డేట్ నుంచి ఉద్దెర మెసేజ్ '₹సమ్మయ్య ఉద్దెర ఉంది, 850 గారు' అని పోతుంది, మధ్యల n అని ఒక అక్షరం పడుతుంది, కస్టమర్లు నవ్వుతున్నరు, ఏమైంది?" (ఎనుమాముల దగ్గర విత్తనాల షాపు అన్న)

తప్పు నాదే. ఖాతా లెక్కల యాప్‌లో "అరువు" అని ఉంటే మన దగ్గర ఎవరూ అనరు, ఉద్దెర అని పెట్టమని మీరే చాలామంది అడిగారు. అందుకే ఆండ్రాయిడ్ యాప్ తెలుగు వాక్యాలన్నీ ఉండే strings.xml ఫైల్ తెరిచి ఒక రాత్రి కూర్చొని మార్చాను. పాత వాక్యం ఇది:

```
%1$s గారు, మీ అరువు ₹%2$s.\nచెల్లించవలసిన తేదీ %3$s.
```

ఇందులో %1$s అంటే యాప్ ఇచ్చే మొదటి విలువ, అంటే పేరు. %2$s రెండోది, రూపాయలు. ఆ అంకె యాప్ పంపే వరుస, వాక్యంలో కనబడే వరుస కాదు. నేను ఉద్దెర మాట ముందుకు రావాలని వాక్యం తిప్పి, ముందున్నది 1 కావాలి కదా అనుకొని అంకెలు కూడా మార్చేశాను. పైగా \n లో n ముందున్న గీత టైపింగ్ తప్పేమో అని కొట్టేశాను. అది కొత్త లైన్‌కు గుర్తు, గీత పోతే ఉత్త n మిగులుతుంది.

```
₹%1$s ఉద్దెర ఉంది, %2$s గారు.nకట్టాల్సిన తేదీ %3$s.
```

రూపాయల దగ్గర s బదులు, పూర్ణసంఖ్యలకు వాడే d ఉండి ఉంటే, పేరు అక్కడికి రాగానే యాప్ ఆగిపోయి నాకు ఆ రాత్రే తెలిసేది. s ఏ విలువనైనా తీసుకుంటుంది, రెండూ s కాబట్టి ఏ గొడవా లేకుండా తప్పుగా పంపింది, అదే నన్ను ముంచింది.

తర్వాత ఇలాంటి గుర్తులు ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టే ఈ కమాండ్ పాత, కొత్త ఫైళ్ల మీద నడిపి చూశాను:

```
grep -oE '%[0-9]+\$[sd]|\\n' strings.xml | sort | uniq -c
```

\n ఒకటి తగ్గినట్టు వెంటనే చూపించింది. తారుమారు మాత్రం దీనికి దొరకదు, ఎందుకంటే 1, 2, 3 అన్నీ ఉన్నాయి, లెక్క సరిపోయింది. అది తెలియాలంటే సమ్మయ్య, 850, 15వ తేదీ అని నిజమైన విలువలు వేసి మెసేజ్ చదవాల్సిందే. ఇప్పుడు మార్చిన ప్రతి వాక్యాన్నీ అలాగే ఫోన్‌లో చదివాను. సరిచేసింది ఇది:

```
₹%2$s ఉద్దెర ఉంది, %1$s గారు.\nకట్టాల్సిన తేదీ %3$s.
```

మీ ఖాతా లెక్కల్లో తేడా ఏమీ లేదు, మెసేజ్ మాటలు మాత్రమే చెడ్డాయి. కొత్త అప్‌డేట్ వేసుకోండి. ఇప్పటికే వెళ్లిన మెసేజ్‌లను నేను వెనక్కి తీసుకోలేను, అవి వెళ్లిన కస్టమర్లకు మీరే మళ్లీ ఒకసారి పంపాలి, ఆ శ్రమ పెట్టినందుకు సారీ.